ఒకే కంపెనీకి రెండు రెజ్యూమేలు: ఫైలు పేర్ల గురించి ఒక కేస్ స్టడీ

నేను ఎనిమిదేళ్లు రిక్రూటర్‌గా పనిచేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగాలు మారేవాళ్లకి రెజ్యూమేలు సరిచేసి పెడుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా "రెజ్యూమే బాగా రాయండి" అని వస్తారు. ఈ కేసులో నా దగ్గరికొచ్చిన ఒకామె రెజ్యూమే బాగానే ఉంది. ఏ కాపీ ఎవరి దగ్గరుందో తెలియకపోవడమే అసలు సమస్య. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఫైలు పేర్లలో ఆమె పేరు బదులు `Peru` అని పెట్టాను.

నేపథ్యం

ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉంది. మాన్యువల్ టెస్టింగ్‌తో మొదలుపెట్టి ఆటోమేషన్‌లోకి వచ్చింది. అప్పటికి రెండు కంపెనీలు చూసింది, రెండోదాంట్లో ఉంటూనే మార్పు కోసం చూస్తోంది. 2024 మార్చిలో రెజ్యూమే తయారు చేసుకుని, నౌకరీ పోర్టల్‌లో పెట్టి, కన్సల్టెన్సీలకి వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టింది.

ఆ మార్చి కాపీలో ఒక తప్పుంది. మొదటి కంపెనీలో చేరిన నెల 2018 మార్చి అని రాసింది. మార్చిలో ఆమె చేరింది ట్రైనీగా. ఉద్యోగిగా తీసుకున్నది జూలైలో. ఏప్రిల్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ తెరిచి చూసుకుంటే అక్కడా జూలై అనే ఉంది, రిలీవింగ్ లెటర్‌లోనూ జూలైయే. వెంటనే సరిచేసుకుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు, తనంతట తానే పట్టుకుంది.

వచ్చిన సమస్య

మే నెలలో ఒక కంపెనీ కెరీర్స్ పేజీలో సరిచేసిన కాపీతో నేరుగా అప్లై చేసింది. అదే కంపెనీకి, ఆమెకి తెలియకుండా, ఒక కన్సల్టెన్సీ మార్చి కాపీని పంపింది. అప్పటికి క్లయింట్ పేరు వాళ్లు చెప్పలేదు, "కాన్ఫిడెన్షియల్" అన్నారు. రెండు రౌండ్లు బాగా జరిగాయి. తర్వాత హెచ్ఆర్ నుంచి ఫోన్. ఆ సంగతి ఆమె నాకు ఇలా చెప్పింది:

"మేడం, వాళ్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని అడిగారు. ఒకదాంట్లో ఆరేళ్లకి పైన ఉంది, ఇంకోదాంట్లో ఆరేళ్లు లేవు, ఏది నిజం అని. నేను రెండోది నిజం అన్నాను. మరి మొదటిది ఎందుకు పంపారు అంటే ఏం చెప్పాలి?"

2018 మార్చి నుంచి లెక్కేస్తే 2024 మేకి ఆరేళ్ల రెండు నెలలు. జూలై నుంచి అయితే ఐదేళ్ల పది నెలలు. ఆ ఉద్యోగానికి కనీసం ఆరేళ్లు కావాలని ప్రకటనలో ఉంది. ఆ గీత దాటడానికే నాలుగు నెలలు కలిపిందని అవతలివాళ్లు అనుకోవడం సహజం. రిక్రూటర్ సీట్లో ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ అవకాశం పోయింది.

జూన్‌లో నా దగ్గరికొచ్చి ఆమె అడిగింది ఒక్కటే: "ఆ పాత కాపీ ఇంకా ఎవరెవరి దగ్గరుంది?"

ముందు లెక్క తేల్చాం

ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో కలిపి 43 ఫైళ్లు దొరికాయి. `Resume_final.pdf`, `Resume_final_new.pdf`, `Resume_updated_final2.pdf`, `Resume_final_new (1).pdf` అలా. వాట్సాప్‌లోంచి దిగినవి `DOC-2024...-WA0007.pdf` లాంటి పేర్లతో ఉన్నాయి. తేదీ చూసి కొత్తది ఏదో తేల్చుకుందామంటే అదీ కుదర్లేదు. పాత కాపీని మెయిల్లోంచి మళ్లీ దింపుకున్న రోజే ఆ ఫైలు తేదీ అవుతుంది కాబట్టి, మార్చి కాపీ ఒకటి జూన్ తేదీతో అన్నిటికంటే పైన కూర్చుంది. ఆమె చాలాసార్లు పంపింది దాన్నే.

ఏ ఫైలు ఉందన్నది వదిలేసి, ఏది బయటికి వెళ్లిందన్నది వెతికాం. జీమెయిల్లో ఇది కొట్టాం:

```
in:sent has:attachment filename:pdf after:2024/03/01
```

వాట్సాప్‌లో ఒక్కో కన్సల్టెన్సీ చాట్ తెరిచి, అందులో డాక్యుమెంట్లు మాత్రమే కనబడే చోట చూశాం. నౌకరీలో అప్లై చేసిన జాబితా తీశాం. ఒక సాయంత్రం మొత్తం పట్టింది. 31 సార్లు పంపినట్టు తేలింది. అందులో 9 సరిచేసిన కాపీలు, 15 మార్చి కాపీలు. మిగిలిన 7 ఏవో చెప్పలేకపోయాం. ఎందుకంటే పోర్టల్‌లో అప్లై చేసిన రోజు అక్కడ ఏ కాపీ ఉందో ఆమెకి గుర్తు లేదు.

పదిహేను మందికీ కొత్త కాపీ పంపేద్దామంది. వద్దన్నాను. ఇంకా మాటలు నడుస్తున్నవి నాలుగే. ఎప్పుడో మూసేసిన ఉద్యోగానికి "నా పాత రెజ్యూమేలో తప్పుంది" అని రాస్తే, లేని అనుమానాన్ని మనమే పుట్టించినట్టు అవుతుంది. ఆ నలుగురికి మాత్రం రెండు వాక్యాల మెయిల్: మొదటి కంపెనీలో చేరిన నెల ట్రైనింగ్ నుంచి లెక్కేశాను, రిలీవింగ్ లెటర్ ప్రకారం అది జూలై, సరిచేసిన కాపీ జతచేశాను. అంతే. క్షమాపణలు, కథలు లేవు. ముగ్గురు "నోటెడ్" అన్నారు, ఒకరు జవాబివ్వలేదు.

చేసి చూసినవి, చెడినవి

ఇక్కడ నా తప్పులూ ఉన్నాయి.

ఫైలు పేరులో కంపెనీ పేరు పెట్టమని మొదట నేనే చెప్పాను. ఏ కాపీ ఎవరిదో పేరే చెప్తుంది కదా అనుకున్నాను. పది రోజుల్లోనే రెండు దెబ్బలు తగిలాయి. ఒకటి, ఒక కంపెనీ పేరున్న ఫైలు పొరపాటున ఇంకో కంపెనీకి వెళ్లింది. లోపల ఉన్నదంతా సరైనదే, పేరు మాత్రం పోటీ కంపెనీది. ఇంతకుముందు ఆ పొరపాటు జరిగినా `Resume_final` అని వెళ్లేది, ఎవరికీ తెలిసేది కాదు. నా సలహా వల్ల అది కొట్టొచ్చినట్టు కనబడింది. రెండు, కన్సల్టెన్సీకి పంపేటప్పుడు అసలు కంపెనీ ఏదో తెలియదు. పేరులో ఏం పెట్టాలి?

తర్వాత తేదీ పెట్టాం, `2024-06-18` లాగా. సంవత్సరం ముందుంటే ఫైళ్లు వరసగా నిలుస్తాయి, `18-06-2024` అని రాస్తే నిలవవు. అంతవరకు బాగుంది. కానీ ఆ తేదీ మనకి కాకుండా అవతలివాళ్లకి కనబడుతోంది. జూలై మధ్యలో ఒక రిక్రూటర్ "ఇది నెల క్రితంది, అప్‌డేటెడ్ పంపండి" అన్నాడు. అప్‌డేట్ చేయడానికి ఏమీ లేదు. ఆమె అదే ఫైలుని ఆ రోజు తేదీతో సేవ్ చేసి పంపింది. అలా నాలుగుసార్లు జరిగాక, ఒకే సరుకు నాలుగు తేదీలతో తయారైంది, తేదీకి అర్థం పోయింది.

డ్రైవ్ లింకు సంగతి కూడా ఆలోచించాం. ఒకే లింకు ఇస్తే ఎప్పుడు తెరిచినా కొత్తదే ఉంటుంది, పాతది అన్నదే ఉండదు. నేను వద్దనడానికి కారణం వేరు. రిక్రూటర్‌కి ఫైలు కావాలి, లింకు తమ సిస్టమ్‌లో ఎక్కదు, వాళ్లు ఎలాగూ దింపుకుంటారు. అప్పుడు వాళ్ల దగ్గర ఒక కాపీ, లింకులో ఇంకో కాపీ. వాళ్లు చూసిందేదో మన దగ్గర రికార్డు కూడా ఉండదు. సమస్య మొదటికే వస్తుంది.

ఎక్కడ దారి దొరికింది

ఈ మూడూ ఎందుకు చెడ్డాయా అని ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. రెజ్యూమేలో వచ్చే మార్పులు రెండు రకాలు, మేం రెంటినీ ఒకే పేరులో ఇరికిస్తున్నాం. చేరిన నెల మారితే అది అందరి కాపీల్లోనూ మారాలి, ఎందుకంటే పాత కాపీ ఇప్పుడు అబద్ధం చెప్తోంది. బ్యాంకింగ్ కంపెనీకి పంపుతూ బ్యాంకింగ్ ప్రాజెక్టుని పైకి జరిపితే, అది ఆ ఒక్క కాపీకే చెందిన మార్పు. మిగతా కాపీలు పాతబడవు.

అందుకని రెండు అంకెలు పెట్టాం. మొదటిది బేస్. అందరికీ వర్తించే నిజాలు మారినప్పుడే అది పెరుగుతుంది. రెండోది పంపిన వరస సంఖ్య. మార్చి కాపీకి వెనక్కి వెళ్లి B1 అని, సరిచేసినదానికి B2 అని పేరు పెట్టాం. జూన్‌లో లెక్క తేలినవి 31 కాబట్టి కొత్త లెక్క 32తో మొదలైంది:

```
Peru_QA_Automation_B2-32.pdf
```

పేరు, పని రిక్రూటర్ కోసం. చివరి కోడ్ మా కోసం. చూసేవాళ్లకి అది ఏదో నంబరు, అందులో తేదీ లేదు, ఇంకో కంపెనీ పేరు లేదు. బేస్ మారినా వరస సంఖ్య మళ్లీ ఒకటి నుంచి మొదలవదు. అందువల్ల ఫోన్లో ఎవరైనా "ముప్పై నాలుగు" అన్నా చాలు, అది ఒకే కాపీ.

ఒకే సరుకుని ఇద్దరికి పంపినా రెండు సంఖ్యలు ఉండాలన్నాను. ఆమెకి మొదట అది దండగ పనిలా అనిపించింది. ఆ సంఖ్య సరుకుది కాదు, పుచ్చుకున్నవాళ్లది అని చెప్పాక ఒప్పుకుంది.

ఏది బేస్‌ని పెంచుతుంది అన్నదాని మీద చాలాసేపు వాదించుకున్నాం. ఆమె కొత్తగా ప్లేరైట్ అనే ఆటోమేషన్ టూల్ నేర్చుకుంది, అది చేరిస్తే B3 అవుతుందా? మేం పెట్టుకున్న పరీక్ష ఇది: పాత కాపీ ఇప్పుడు తప్పు చెప్తోందా, లేక తక్కువ చెప్తోందా? తప్పు చెప్తే బేస్ పెరగాలి. తక్కువ చెప్తే అక్కర్లేదు, ఇకముందు పంపేవాటిలో చేర్చుకుంటే సరిపోతుంది. ప్లేరైట్ లేని కాపీ తక్కువ చెప్తోంది అంతే.

ఈ పరీక్ష పెట్టగానే ఇంకోటి బయటపడింది. కొన్ని వాక్యాలు వాటంతట అవే తప్పులైపోతుంటాయి. సమ్మరీలో "5.8 ఇయర్స్" అని ఉంటే వచ్చే నెలకి అది తప్పు. (పది నెలలకి 5.10 అని రాస్తే ఐదేళ్ల ఒక నెలా, పది నెలలా అని చదివేవాడు తికమకపడతాడు, అది ఇంకో గోల.) నోటీస్ పీరియడ్ కూడా అంతే. రెంటినీ ఫైల్లోంచి తీసేశాం. అనుభవం చోట "2018 జూలై నుంచి" అని, నోటీస్ సంగతి మెయిల్లో. త్వరగా పాడయ్యేదాన్ని ఫైల్లో పెట్టకపోతే ఫైలు అంత త్వరగా పాతబడదు.

పేరు నిలవని చోట

రెండు వారాలు బాగా నడిచింది. తర్వాత ఒక రిక్రూటర్‌ని ఫైలు పేరు చివర ఏముందో చదవమంటే, "పోర్టల్ పేరు, మీ పేరు, బ్రాకెట్లో అనుభవం ఉంది" అన్నాడు. పోర్టల్‌లోంచి దింపుకున్న ఫైలుకి పోర్టల్ తన పేరు తాను పెట్టుకుంది. కోడ్ ఎగిరిపోయింది. నేను రిక్రూటర్‌గా రోజుకి ఎన్నో అలాంటి ఫైళ్లు తెరిచినదాన్ని, ఆ సంగతి నాకు తట్టకపోవడం సిగ్గుచేటు.

అంటే కోడ్ ఫైలు పేరులోనే కాదు, కాగితం మీద కూడా ఉండాలి. పేజీ అడుగున, ఫుటర్‌లో, చిన్న బూడిద రంగు అక్షరాల్లో పెట్టాం. హెడర్, ఫుటర్లలో ఉన్నదాన్ని కొన్ని కంపెనీల సాఫ్ట్‌వేర్లు చదవవు. అందుకే ఫోన్ నంబరు అక్కడ పెట్టకూడదంటాను. కోడ్‌ని సాఫ్ట్‌వేర్ చదవకపోయినా మనకి నష్టం లేదు, మనిషి చదివితే చాలు.

మూడో రోజే ఫైలు పేరులో B2-37, ఫుటర్‌లో B2-36 వచ్చింది. రెండు చోట్ల చేత్తో మార్చాలంటే ఎవరికైనా అంతే. వర్డ్‌లో దానికి ఉపాయముంది. `File > Info` లో `Title` అనే గడి ఉంటుంది. ఫుటర్‌లో కర్సర్ పెట్టి `Insert > Quick Parts > Document Property > Title` అంటే ఆ గడిలో ఉన్నదే ఫుటర్‌లో కనబడుతుంది. ఇక మార్చేది ఒక్కచోటే. సేవ్ చేసేటప్పుడు ఆ టైటిల్‌ని కాపీ చేసి ఫైలు పేరుగా పెట్టడం ఆమె అలవాటు చేసుకుంది.

ఆ గడి మొదటిసారి తెరిచినప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అందులో వేరే అమ్మాయి పేరుంది, పక్కన `Business Analyst Resume` అని. ఆమె మార్చిలో తన స్నేహితురాలి రెజ్యూమే తీసుకుని దాని మీదే దిద్దుకుంది. `Author` గడిలోనూ ఆ అమ్మాయి పేరే. పీడీఎఫ్‌ని బ్రౌజర్‌లో తెరిస్తే పైన ట్యాబ్ మీద కనబడేది చాలాసార్లు ఈ టైటిలే, ఫైలు పేరు కాదు. అంటే ఇన్ని నెలలుగా ఆమె రెజ్యూమే తెరిచినవాళ్లలో ఎంతమందికి ట్యాబ్ మీద ఇంకొకరి పేరు కనబడిందో! మీ దగ్గరున్న పీడీఎఫ్‌ని ఒకసారి క్రోమ్‌లోకి లాగి ట్యాబ్ చూడండి, అర నిమిషం పని.

పట్టిక

మొదట తొమ్మిది గడుల పట్టిక ఇచ్చాను. సీటీసీ, రౌండ్లు, ఫాలోఅప్ తేదీ అన్నీ. ఆమె వారం నింపి మానేసింది. ఐదుకి తగ్గించాం: కోడ్, పంపిన తేదీ, ఎవరికి, ఏ దారిలో, ఈ కాపీలో ప్రత్యేకం ఏమిటి. ఒక వరస ఇలా ఉంటుంది:

```
B2-41 | 2024-08-06 | కన్సల్టెన్సీ-3, క్లయింట్ తెలియదు | వాట్సాప్ | బ్యాంకింగ్ ప్రాజెక్టు పైన
```

క్లయింట్ పేరు తెలిసిన రోజు ఆ వరసలోనే చేర్చాలి. ఒకే కంపెనీ పేరు రెండు వరసల్లో కనబడితే, ఇంటర్వ్యూకి ముందే ఆ కన్సల్టెన్సీకి ఫోన్ చేయాలి. మేలో ఈ పట్టిక ఉండి, క్లయింట్ పేరు ముందే అడిగి ఉంటే ఆ ఉద్యోగం దగ్గర రెండు కాపీలు ఎదురుపడేవి కావు.

నౌకరీ ప్రొఫైల్‌కి, లింక్డ్‌ఇన్‌కి చెరో వరస. అవి ఒకసారి పంపి ఊరుకునేవి కావు, అక్కడ కూర్చుని ఉండేవి. లింక్డ్‌ఇన్ మనం ఇంతకుముందు ఎక్కించిన ఫైళ్లని దాచి, అప్లై చేసేటప్పుడు వాటినే ముందు చూపిస్తుంది. తొందరలో అదే నొక్కేస్తాం. పాతవన్నీ తీసేయించాను. పోర్టల్‌లో కొత్తది ఎక్కించాక అక్కడినుంచే మళ్లీ దింపి ఫుటర్ చూడాలి. "అప్‌లోడ్ అయింది" అన్న మాటని నమ్మొద్దు.

ఫోన్లో ఉన్నవన్నీ కూడా తీసేశాం. పంపాలంటే డ్రైవ్‌లోని ఒక్క ఫోల్డర్ నుంచే. ఆ ఫోల్డర్లో పేరు వరసలో చివరిదే తాజాది. పాత 43 ఫైళ్లని జిప్ చేసి ల్యాప్‌టాప్‌లో పక్కన పెట్టాం. ఎవరైనా పాత కాపీ గురించి అడిగితే చూసుకోవడానికి అవి కావాలి, కాబట్టి చెరిపేయలేదు.

తర్వాత

సెప్టెంబర్‌లో ఆమె తానున్న రెండో కంపెనీ నుంచి రిలీవ్ అయింది. "ప్రస్తుతం" అన్న మాట తప్పయింది కాబట్టి B3 వచ్చింది. పట్టికలో B2 అని వెతికితే నడుస్తున్నవి ఐదు తేలాయి. పదిహేను నిమిషాల్లో ఐదుగురికీ కొత్త కాపీలు వెళ్లాయి, ఒక్కోదానికి కొత్త సంఖ్యతో. జూన్‌లో ఇదే పనికి ఒక సాయంత్రం పట్టింది.

తేలనిది ఒకటి మిగిలింది. కొన్ని కన్సల్టెన్సీలు రెజ్యూమేని తమ టెంప్లేట్‌లోకి మార్చి, ఫోన్ నంబరు తీసేసి పంపుతాయి. అక్కడ ఫుటరూ పోతుంది. మీరు క్లయింట్‌కి పంపిన కాపీ నాకూ పెట్టండి అని ఆమె ప్రతిసారీ అడుగుతుంది. ఒక్క కన్సల్టెన్సీ మాత్రమే ఇచ్చింది. తీరా చూస్తే వాళ్లు ప్రాజెక్టు తేదీలు రెండు తామే తప్పుగా టైప్ చేశారు. మిగతావాళ్ల దగ్గర ఏముందో మాకు తెలిసే దారి లేదు. ఆ వరసల్లో "టెంప్లేట్" అని రాసుకుని, ఇంటర్వ్యూ మొదట్లోనే ప్యానెల్‌ని తమ దగ్గరున్న తేదీలు చదవమని అడుగుతుంది.

నవంబర్‌లో మేం తేల్చలేకపోయిన ఏడింటిలో ఒకటి తిరిగొచ్చింది. ఎప్పుడో అప్లై చేసిన కంపెనీ నుంచి ఫోన్. ఆమె అడిగింది: "సర్, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో నా పేరు, ఒక నంబరు ఉందా?" ఆయన వెతికి, ఏమీ లేదన్నాడు. ఆమెకి అంతే చాలు. ఫుటర్ లేదంటే అది మేం ఫుటర్ పెట్టకముందుది. మార్చిదో ఏప్రిల్‌దో తేల్చుకోవడానికి మొదటి కంపెనీలో చేరిన నెల చదవమంది. "మార్చ్ ట్వంటీ ఎయిటీన్" అన్నాడు. అది ట్రైనింగ్ మొదలైన నెల, సరైన కాపీ ఇప్పుడే మెయిల్ చేస్తున్నాను, ఇంటర్వ్యూకి ముందు దాన్నే ఎక్కించండి అని చెప్పి, ఫోన్ పెట్టకుండానే పట్టికలో కొత్త వరస తెరిచింది. B3-58.